సగటు గీత ఎప్పుడూ ఆలస్యమే: చిత్తూరు మామిడి వ్యాపారి ఖాతా ఒకటి

నేను తిరుపతిలో సెబీ నమోదు ఉన్న పెట్టుబడి సలహాదారుగా పని చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది నా దగ్గరికి వచ్చిన ఒక ఖాతా కథ. ఆ మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. షేరు పేరు చెప్పడం లేదు, ధరలను గుండ్రం చేశాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ధరల సగటు గీతని, అంటే మూవింగ్ యావరేజ్‌ని నమ్ముకున్న చాలామంది ఒకేచోట పొరపాటు పడతారు. ఆ చోటేమిటో ఈ ఖాతాలో స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ఆయన, ఆయన పద్ధతి

చిత్తూరు వైపు మామిడి కాయ వ్యాపారం ఆయనది. వయసు అరవైకి దగ్గర. సీజన్ మూడు నెలలు ఊపిరాడదు, మిగతా రోజుల్లో కొంత తీరిక. ఆ తీరికలో, సీజన్లో మిగిలిన డబ్బుతో షేర్లు కొనేవారు. డెరివేటివ్‌ల జోలికి పోలేదు, అప్పు తెచ్చి పెట్టలేదు. ఈ రెండు మంచి అలవాట్లు లేకపోతే కథ వేరేగా ఉండేది.

ఆయన నియమం ఒక్కటే. చార్ట్ మీద 50 రోజుల మూవింగ్ యావరేజ్ పెట్టుకోవాలి. అంటే గత 50 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల సగటును రోజూ లెక్కేసి కలిపిన గీత. అది పైకి తిరిగితే కొనాలి, కిందికి తిరిగితే అమ్మాలి. గీత వాలుని బట్టి రంగు మారేలా ఫోన్లో పెట్టుకున్నారు. పచ్చగా ఉంటే ఉంచుకోవడం, ఎర్రబడితే అమ్మేయడం.

ఏం సమస్యతో వచ్చారు

ఒక షేరు 410 దగ్గర 600 కొన్నారు. అది 500 దాకా పోయింది. అక్కడ ఆయన లాభం కాగితం మీద 54,000. తర్వాత ధర దిగడం మొదలైంది. గీత మాత్రం పచ్చగానే ఉంది. రోజూ చూశారు, పచ్చగానే ఉంది. చివరికి ఎర్రబడిన రోజు ఆయన అమ్మింది 446కి. చేతికొచ్చిన లాభం 21,600.

"ధర కళ్లముందు పడిపోతా ఉంటే గీత పైకి పోతానే ఉండింది నాయనా. ఆ యాప్ తప్పా, నేను పెట్టింది తప్పా?" అని అడిగారు.

యాప్ తప్పు లేదు, ఆయన సెట్టింగ్ తప్పూ లేదు. ఇది చెప్పగానే ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది. తప్పు ఎక్కడో ఉంటే సరిచేసుకోవచ్చు. లెక్కలోనే ఉన్న గుణాన్ని ఏం చేయగలం?

ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది

ఆయనకు అర్థమయ్యే భాష కాయ రేటే. "అన్నా, దామలచెరువు మండీలో ఐదు రోజులుగా కిలో 14, 13, 12, 11, 10 పలికిందనుకోండి. ఐదు రోజుల సగటెంత?" అన్నాను.

"పన్నెండు."

"ఈ రోజు మీరు పన్నెండుకి కొంటారా?"

"ఎందుకు కొంటాను? ఈ రోజు రేటు పది కదా."

"పన్నెండు ఏ రోజు రేటు?"

కాస్త ఆగి, "మొన్నటిది" అన్నారు.

విషయమంతా ఆ మాటలోనే ఉంది. ధర ఒకే తీరున నడుస్తున్నప్పుడు ఐదు రోజుల సగటు చూపించేది రెండు రోజుల కిందటి ధరని. అందులో ఈ రోజు ధరకున్న విలువే నాలుగు రోజుల కిందటి ధరకీ ఉంది. అన్నింటినీ కలిపితే వచ్చేది మధ్య రోజు. రోజుల లెక్కలో ఒకటి తీసేసి సగం చేస్తే ఎన్ని రోజులు వెనకబడి ఉందో తెలుస్తుంది. ఐదు రోజులకు 2, ఇరవై రోజులకు 9.5, యాభై రోజులకు 24.5. యాభై రోజుల గీత చూస్తున్న మనిషి దాదాపు ఐదు వారాల కిందటి ధరను చూస్తున్నట్టు. వారానికి ఐదే ట్రేడింగ్ రోజులు కాబట్టి 24.5 రోజులు క్యాలెండర్ మీద దాదాపు ఐదు వారాలవుతాయి.

తర్వాత ఆయన షేరునే కాగితం మీద సరళం చేసి వేశాం. రోజుకు 2 రూపాయల చొప్పున ఎక్కి 500 తాకింది, మర్నాటి నుంచి రోజుకు 2 రూపాయల చొప్పున దిగింది అనుకున్నాం. అసలు ధర ఇంత నున్నగా కదలదు, కానీ ఆలస్యాన్ని విడిగా చూడాలంటే ఈ నునుపు కావాలి.

శిఖరం రోజున ధర 500, సగటు 451. దిగుడు మొదలైన పదిహేనో రోజున ధర 470కి వచ్చి సగటుకన్నా కిందికి పోతుంది. ఆ రోజు సగటు 471 పైచిలుకు. అప్పటికీ గీత పైకే వెళుతోంది. ఇరవై ఐదో రోజున సగటు తన గరిష్ఠం 475 దగ్గర ఉంటుంది, ఆ రోజు ధర 450. అంటే గీత అన్నిటికన్నా ఎత్తులో కనిపించే రోజుకి ధర శిఖరం నుంచి 50 రూపాయలు దిగిపోయి ఉంది. గీత కిందికి తిరిగేది ఇరవై ఆరో రోజున, 448 దగ్గర. ఆయన నిజంగా అమ్మింది 446కి. కాగితం మీది లెక్క, బ్రోకర్ ఇచ్చిన కాంట్రాక్ట్ నోట్ అంత దగ్గరగా కలిశాయి.

గీత అంత మొండిగా పైకి పోవడానికి కారణం చిన్నదే. రోజూ సగటులోకి ఒక కొత్త ధర వస్తుంది, ఒక పాత ధర బయటికి పోతుంది. వచ్చేది పోయేదానికన్నా ఎక్కువైతే గీత ఎక్కుతుంది, తక్కువైతే దిగుతుంది.

```
ఈ రోజు సగటు − నిన్నటి సగటు = (ఈ రోజు ధర − 50 రోజుల కిందటి ధర) / 50
```

గీత వాలుకి ఈ వారం పతనంతో నేరుగా సంబంధం లేదు. అది అడిగేది ఒక్కటే: ఈ రోజు ధర 50 రోజుల కిందటి ధరకన్నా ఎక్కువా, తక్కువా? ధర 470కి పడినా 50 రోజుల కిందట 430 ఉంటే గీత పైకే పోతుంది. ఆయన రోజూ రంగు చూసి ఈ రోజు సంగతి తెలుసుకుంటున్నానని అనుకున్నారు. ఆ రంగు చెప్పింది పదివారాల కిందటితో పోలిక.

వేగం పెంచాలనుకున్నాం

"అయితే రోజులు తగ్గిద్దాం" అన్నారు ఆయన. నాకు అభ్యంతరం ఉంది, కానీ ఆపలేదు. చేసి చూస్తే తప్ప నమ్మకం కుదరని దశలో ఉన్నారు. తక్కువ డబ్బుతో చేసి చూడమని మాత్రం చెప్పలేకపోయాను. అది చెప్పి ఉండాల్సింది.

కాగితం మీద 20 రోజుల సగటు అందంగా ఉంటుంది. అదే 500 శిఖరం నుంచి ఆరో రోజునే, 488 దగ్గర ధర దాన్ని దాటి కిందికి వస్తుంది. ఆయన ఇంకా ముందుకుపోయి 9 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటు, అంటే కొత్త ధరలకు ఎక్కువ బరువిచ్చే సగటు పెట్టుకున్నారు. ధర గీత పైకి వస్తే కొనడం, కిందికి వస్తే అమ్మడం.

ఐదు నెలల్లో 19 సార్లు కొని అమ్మారు. అందులో 13 నష్టం. షేరు ఆ ఐదు నెలలూ పెద్దగా ఎటూ పోలేదు, ఒక మేరలో అటూ ఇటూ ఊగింది. ప్రతి ఊపులోనూ ధర గీత మీదుగా ఎక్కింది, ఆయన కొన్నారు. మర్నాడో ఎల్లుండో దిగింది, అమ్మారు. ఒక్కో విడత దాదాపు 3 లక్షలు తిప్పారు. డెలివరీ షేర్లకు కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను కట్టాలి. విడతకు 600 చొప్పున ఆ ఒక్క పన్నే 11,400 అయింది. "ఖాళీ లారీ తిప్పినా డీజిల్ ఖర్చయినట్టుంది" అన్నారు పట్టిక చూసి.

సగటు ఏం పని చేస్తుందో ఈ ఐదు నెలలే ఆయనకు చూపించాయి. అది జల్లెడ లాంటిది. కన్నాలు చిన్నవైతే రోజువారీ ఊగిసలాట ఆగిపోతుంది, నడక మాత్రమే కిందికి వస్తుంది, కానీ దానికి సమయం పడుతుంది. కన్నాలు పెద్దవి చేస్తే త్వరగా వస్తుంది, చెత్తతో సహా వస్తుంది. నునుపు, వేగం రెండూ ఒకే సంఖ్యలో ఉన్నాయి, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

నేను చేసిన పొరపాటు

ఈ దశలో నేనొక సలహా ఇచ్చాను. "9 వద్దు, 50కే పోదాం, కానీ మామూలు సగటు బదులు ఎక్స్‌పొనెన్షియల్ వాడదాం, ఆలస్యం తగ్గుతుంది" అన్నాను. ఈ రంగంలో అందరూ అనే మాటే అది. 50 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటులో ఈ రోజు ధరకు దాదాపు 4 శాతం బరువు ఉంటుంది, మామూలు సగటులో 2 శాతమే. కొత్త ధరకు బరువెక్కువ కాబట్టి ముందే స్పందిస్తుందని నేనూ అనుకున్నాను.

ఆ రాత్రి కూర్చుని అదే కాగితం లెక్క దీనికీ వేశాను. ధర ఒకే తీరున ఎక్కుతున్నప్పుడు 50 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటు కూడా సరిగ్గా 24.5 రోజులే వెనకబడి ఉంది. ఈ రోజుకి బరువెక్కువ నిజమే, కానీ ఎనభై రోజుల కిందటి ధరని కూడా అది పూర్తిగా వదిలిపెట్టదు. ఆ పొడవాటి తోక ముందువైపు సంపాదించిన వేగాన్ని తినేస్తుంది. శిఖరం తర్వాత ధర దాన్ని దాటింది పద్దెనిమిదో రోజున, 464 దగ్గర. మామూలు సగటుని దాటింది పదిహేనో రోజున, 470 దగ్గర. అంటే ఆ కొలతలో నా సలహా ఆయన్ని మూడు రోజులు వెనక్కి నెట్టింది.

ఒక్క చోట ఎక్స్‌పొనెన్షియల్ మేలు: గీత వాలు చూసే వాళ్లకి. ధర దాన్ని దాటిన రోజే ఆ గీత తిరుగుతుంది, కాబట్టి ఇరవై ఆరో రోజు దాకా ఆగనక్కర్లేదు. ఒక్కసారిగా ధర పెద్దగా దూకినప్పుడు కూడా అది ముందు కదులుతుంది. అయితే మేము అప్పటికే వాలు చూడడం మానేసి ధర గీతను దాటడమే చూడాలని నిర్ణయించుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, నిన్న చెప్పింది వద్దన్నా అని చెప్పాను. కారణమూ చెప్పాను. ఆ తర్వాత ఆయన నా లెక్కల్ని ఇంకా జాగ్రత్తగా అడగడం మొదలుపెట్టారు, అది ఇద్దరికీ మంచిదైంది.

ఆలస్యమే లేని గీత

కొన్నాళ్లకు వాళ్ల అక్క కొడుకు ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేసిచ్చాడు. చదువుకున్న కుర్రాడు, మేనమామకు సాయం చేయాలని నిజాయితీగా చేసిన పని. అందులో 21 రోజుల సగటు గీత శిఖరం రోజునే తిరుగుతోంది. పాత చార్ట్ మీద వేస్తే ప్రతి మలుపూ పట్టేసింది. "ఇది చూడు నాయనా, దీనికి ఆలస్యమే లేదు" అంటూ మామిడి తాండ్ర పొట్లంతో పాటు తెచ్చారు.

గడిలో ఉన్న సూత్రం చూశాను. 21వ వరుసలో ఇలా ఉంది:

```
=AVERAGE(B11:B31)
```

21వ రోజు సగటుకి 11 నుంచి 31 దాకా ధరలు తీసుకుంటోంది. పది రోజులు వెనకవి, పది రోజులు ముందువి. గణాంకాల్లో దీన్ని కేంద్రిత సగటు అంటారు, జరిగిపోయిన దాన్ని చదవడానికి చాలా మంచి పనిముట్టు. కానీ 21వ రోజు సాయంత్రం కూర్చున్న మనిషి దగ్గర 31వ రోజు ధర ఉండదు. అతని దగ్గర ఉన్న డేటాతో రావాల్సింది `=AVERAGE(B1:B21)`. రెండు గీతలూ గీసి చూస్తే ఆకారం ఒకటే, కుర్రాడి గీత పది రోజులు ఎడమకు జరిగి ఉంది. 21 రోజుల సగటుకి ఉండాల్సిన ఆలస్యం ఎంత? సరిగ్గా పది రోజులు.

ఆలస్యం అక్కడే ఉంది, దాన్ని రేపటి ధరలతో పూడ్చారు, అంతే. ఆయనకీ కుర్రాడికీ ఇది చెప్పడానికి గంట పట్టింది. ఆ గంట వృథా కాలేదు. సగటుకి ఆలస్యం ఎందుకు తప్పదో ఇంతకన్నా తేటగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి దొరకలేదు.

డబ్బుకి అమ్మే కొన్ని ఇండికేటర్లు కూడా తెలిసో తెలియకో ఇదే చేస్తాయి. పట్టుకోవడానికి నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది. రోజూ మార్కెట్ ముగిశాక చార్ట్‌ని స్క్రీన్‌షాట్ తీయండి. రెండు వారాల తర్వాత మొదటి స్క్రీన్‌షాట్‌లోని గీతనీ, ఇప్పటి చార్ట్‌లో అవే తేదీల గీతనీ పోల్చండి. పాత తేదీల దగ్గర గీత మారి ఉంటే అది వెనక్కి వెళ్లి తనను దిద్దుకుంటోంది. నిజాయితీ గల సగటు గడిచిన రోజుల్లో మారదు.

వెనక్కి దిద్దుకోకుండానే ఆలస్యం తగ్గించే రకాలు కూడా ఉన్నాయి. సగటుని రెట్టింపు చేసి, ఆ సగటుకి మళ్లీ తీసిన సగటుని అందులోంచి తీసేయడం వాటిలో ఒకటి. తిన్నని నడకలో అవి ధరని అంటుకునే ఉంటాయి. మలుపులో మాత్రం ధర ఆగినా అవి ఆగకుండా ముందుకు దూకుతాయి, ఊగిసలాటని పెద్దది చేసి చూపిస్తాయి. 19 విడతల అనుభవం తర్వాత వాటిని ప్రయత్నించాల్సిన పని లేదని ఇద్దరం అనుకున్నాం.

చివరికి నిలబడిన పద్ధతి

ఇక్కడ మేము ప్రశ్న మార్చాం. అప్పటిదాకా గీతను "ఎప్పుడు తిరుగుతుంది" అని అడుగుతున్నాం, దానికి అది జవాబు చెప్పలేదు. "ఇప్పుడు ఈ షేరు ఎక్కే నడకలో ఉందా, లేదా" అని అడిగితే, ఆలస్యంగానైనా సరైన జవాబే చెబుతుంది. ఆలస్యం ఎంతో ముందే తెలుసు కాబట్టి దాన్ని ఖర్చుగా రాసుకోవచ్చు. మండీలో కమిషన్, హమాలీ ముందే లెక్కలో పెట్టుకునే మనిషికి ఇది వెంటనే అర్థమైంది.

50 రోజుల మామూలు సగటునే ఉంచాం. రంగులు తీసేశాం. శుక్రవారం ముగింపు ధర మాత్రమే చూడాలి. ఆ ధర సగటుకన్నా 3 శాతం కిందికి వస్తే సోమవారం అమ్మాలి, 3 శాతం పైకి వస్తేనే కొనాలి. ఈ 3 శాతం ఎక్కడిదంటే, ఆయన పాత చార్ట్‌లో ధర 50 రోజుల గీతను అడ్డదిడ్డంగా దాటిన సందర్భాలు చూశాం. ఎక్కువ భాగం అంతలోపే వెనక్కి తిరిగాయి. ఇది ఆ షేరు ఊగే తీరుకి సరిపోయే అంకె మాత్రమే. మెల్లగా కదిలే షేరుకి ఇది ఎక్కువ, ఎగిరిపడే చిన్న షేరుకి తక్కువ.

ఈ 3 శాతం పట్టీ కూడా ఉచితం కాదు. కాగితం మీద వేస్తే 500 శిఖరం నుంచి బయటపడేది పదిహేనో రోజు 470కి బదులు ఇరవై ఒకటో రోజు 458కి. శుక్రవారం దాకా ఆగడం వల్ల ఇంకొన్ని రోజులు పోవచ్చు. అయినా ఇది ఎంచుకున్నాం, ఎందుకంటే ఆయన్ని ఎక్కువ దెబ్బతీసింది ఆలస్యం కాదు, ఆ 19 విడతలే.

అసలు తేడా తెచ్చింది ఎన్ని షేర్లు కొనాలన్న లెక్క. కొనే రోజు ధర 480, సగటు 454 అనుకోండి. 3 శాతం తీసేస్తే బయటికొచ్చే గీత 440. మధ్యలో 40 రూపాయలు. ఇదీ ఈ కొనుగోలులో ఆలస్యం ఖరీదు. ఒక కొనుగోలులో 10,000 దాకా పోయినా తట్టుకోగలనని ఆయనే చెప్పారు. 10,000ని 40తో భాగిస్తే 250 షేర్లు. ఇంతకు ముందు చేతిలో ఎంతుంటే అంతకీ, 600 కొనేవారు. ధర సగటు నుంచి ఎంత దూరం పోయి ఉంటే అంత తక్కువ షేర్లు వస్తాయి. నిట్టనిలువుగా ఎక్కిన షేరు వెంట పడే అలవాటుని ఆ భాగహారమే ఆపేసింది, నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పని రాలేదు.

దీని హద్దులు

మొదటి రోజే ఆయనకి 2020 చూపించాను. జనవరి 14న నిఫ్టీ ముగింపు 12,362. ఫిబ్రవరి 28న 11,201 దగ్గర ముగిసేసరికి 200 రోజుల సగటుకన్నా కిందికి వచ్చేసింది. మార్చి 23న 7,610. శిఖరం నుంచి 9 శాతం పోయాక బయటపడ్డ వాళ్లు మిగతా పతనం తప్పించుకున్నారు, జల్లెడ తన పని చేసింది. కానీ అదే గీత మళ్లీ కొనమని చెప్పేసరికి సూచీ అట్టడుగు నుంచి వేల పాయింట్లు ఎక్కేసింది. ఆ డిసెంబర్ 31న 13,981 దగ్గర ముగిసింది. పైన ఎంత ఆలస్యమో కింద కూడా అంతే.

ఇంకొకటి, మార్చి 23 ఒక్క రోజే నిఫ్టీ 13 శాతం పడింది. 3 శాతం పట్టీ పెట్టుకున్న వాడికి అలాంటి రోజున ఆ ధర దగ్గర అమ్మే అవకాశమే రాదు. 40 రూపాయలని రాసుకున్న ఖర్చు అంచనా మాత్రమే, హామీ కాదు.

ఆయనకీ అది ఎదురైంది. కొత్త పద్ధతిలో 14 నెలల్లో నాలుగే కొనుగోళ్లు జరిగాయి. రెండింటిలో 6,200, 9,100 నష్టం. మూడోదాంట్లో త్రైమాసిక ఫలితాల మర్నాడు షేరు పొద్దున్నే చాలా తక్కువ ధర దగ్గర మొదలై, 10,000 అనుకున్న చోట 13,500 పోయింది. నాలుగోది 41,000 లాభం. మొత్తం మీద 12,200 మిగిలింది, ఖర్చులు ఇంకా తీయాలి. నాలుగు కొనుగోళ్లతో పద్ధతి మంచిదో కాదో తేల్చలేం, ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఈ 14 నెలల్లో ఎస్‌టీటీకి పోయింది మాత్రం 2,000 కూడా దాటలేదు.

13,500 పోయిన రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే, మళ్లీ చిన్న సగటుకి పోదామంటారేమో అని టెన్షన్ పడ్డాను. ఆయన అడిగింది వేరే: ఫలితాల తేదీకి ముందు శుక్రవారం షేర్లు సగానికి తగ్గించుకుంటే ఆ నష్టం సగమవుతుంది కదా అని. అవుతుందన్నాను, లాభం వచ్చే పక్షాన అది కూడా సగమవుతుందని చెప్పాను. ఇప్పుడు ఆయన నోట్‌బుక్‌లో ప్రతి కొనుగోలు పక్కన మూడు అంకెలు ఉంటాయి: కొన్న ధర, బయటికొచ్చే గీత, ఫలితాల తేదీ.